నాలుగూ ముప్పై రెండు

రాత్రి పదకొండున్నర. కడియపులంక నుంచి పూల బండి వచ్చింది, మండపానికి బంతి దండలు ఎక్కుతున్నాయి. రాజమండ్రి శివార్లలో పెళ్లి, ఆరువందల మంది చుట్టాలు. సుముహూర్తం తెల్లవారుజామున 4:32.

పెళ్లి ఏర్పాట్లు చేసేవాళ్లం గడియారాన్ని వెనక నుంచి లెక్కపెట్టుకుంటాం. 4:32కి జీలకర్ర బెల్లం పెట్టాలంటే 4:15కి మేనమామలు అమ్మాయిని బుట్టలో తెచ్చి తెర వెనక కూర్చోబెట్టాలి. మూడున్నరకి గౌరీపూజ మొదలవ్వాలి. అలంకరణ ఒంటిగంటకి. మిగతా పనులు కాస్త అటూ ఇటూ జరిగినా సర్దుకుంటాయి, ఆ ఒక్క నిమిషం మాత్రం జరగదు.

తూర్పున మెరుపులు మొదలయ్యాయి. గాలి వీస్తే కరెంటు పోవడం ఖాయం. అందుకే జనరేటర్ ఆన్ చేయించాను. ఖాళీగా తిరిగేటప్పుడు ఏ జనరేటరైనా బాగానే ఉంటుంది. లోడు వేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. మండపం లైట్లు, వంటశాల గ్రైండర్లు, విడిది గదుల ఏసీలు అన్నీ ఒకేసారి దాని మీద వేయించాను. పది నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత శబ్దం ఒకసారి పెరుగుతూ, ఒకసారి తగ్గుతూ, దానితోపాటు లైట్లు వెలిగి మసకబారడం మొదలైంది. నా గుండె కూడా అలాగే కొట్టుకుంది.

"డీజిల్లో నీళ్లున్నట్టున్నాయండి" అన్నాడు ఆపరేటర్. ఇంజిన్ ఆపి, ఫిల్టర్ కింద మరను వదులు చేసి గాజు గ్లాసులోకి పట్టాడు. అడుగున నీరు, పైన డీజిల్ విడివిడిగా తేలాయి. క్యాన్ అడుగున చేరిన తడి ట్యాంకులోకి దిగినట్టుంది.

ట్యాంకు ఖాళీ చేయించి, బంకు నుంచి కొత్త డీజిల్ తెప్పించి, ఫిల్టర్ మార్చేసరికి ఒంటిగంట దాటింది. పైపుల్లోకి గాలి చేరితే ఇంజిన్ మళ్లీ తడబడుతుంది. అందుకని చేతి పంపు కొడుతూ నురగ ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా చూశాం. మళ్లీ పూర్తి లోడు వేసి అరగంట కదలకుండా కూర్చున్నాను. లైట్లు నిలకడగా వెలిగాయి. అయినా కుదుటపడలేదు. కరెంటు పోయాక జనరేటర్‌కి మార్చేలోపు అరనిమిషం పడుతుంది. ఆ అరనిమిషం చీకటి పురోహితుడిగారి మీద పడకూడదని ఆయన మైకుకీ, మండపంలో రెండు దీపాలకీ విడిగా ఇన్వర్టర్ పెట్టించాను.

పెళ్లికూతురి నాన్నగారు వచ్చి, "నిద్రపోలేదా బాబూ?" అన్నారు. "మీరు పడుకోండి బాబాయిగారూ, నేనున్నాను" అన్నాను.

4:26. బుట్ట వచ్చింది, తెర పట్టారు. ఈదురుగాలి లేచింది. హాలంతా చీకటైంది. మండపంలో రెండు దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి, మంత్రం ఆగలేదు. వెనక నుంచి జనరేటర్ మోత మొదలై, హెచ్చుతగ్గుల్లేకుండా సాగింది. లైట్లన్నీ వచ్చాయి. ఎవరూ తల తిప్పి చూడలేదు.

నాలుగూ ముప్పై రెండు. ఇద్దరి చేతులూ ఒకరి తల మీద ఒకరివి. మంగళవాద్యాలు ఒక్కసారిగా మోగాయి.

నేను వెనక మెట్ల మీద కూర్చున్నాను. వంటశాల నుంచి ఎవరో గ్లాసెడు కాఫీ తెచ్చి చేతికిచ్చారు. వాన మొదలైంది.