విభక్తులు లేని రాత

ఇరాక్ ఉత్తరాన కిర్కుక్ దగ్గర నూజి అనే పాత ఊరి దిబ్బ ఉంది. 1920ల చివర్లో అక్కడ తవ్వుతున్నవారికి కోడిగుడ్డు ఆకారంలో, లోపల బోలుగా ఉన్న ఒక మట్టి ముద్ద దొరికింది. దాని మీద క్యూనిఫారం లిపిలో ఒక మంద లెక్క ఉంది: ఈనే గొర్రెలు 21, ఆడ గొర్రెపిల్లలు 6, ఎదిగిన పొట్టేళ్లు 8, మగ పిల్లలు 4, ఈనే మేకలు 6, మేకపోతు 1, ఆడ మేకపిల్లలు 3. చివర జిఖర్రు అనే కాపరి ముద్ర. ఆ ముద్దను తెరిచి చూస్తే లోపల సరిగ్గా 49 గులకరాళ్లు. జాబితా కూడి చూడండి, అదీ 49.

ఇది సుమారు క్రీ.పూ. 1500 నాటిది. అప్పటికే అక్కడ రాత పుట్టి పదిహేను వందల ఏళ్లు దాటింది. అయినా ఆ లెక్క రెండుసార్లు ఎందుకు పెట్టారు? పైన రాసింది చదువు వచ్చిన లేఖరి కోసం, లోపలి రాళ్లు చదువు రాని కాపరి కోసం అనుకుంటే సరిపోతుంది. ఈ ముద్ద సంగతిని 1959లో లియో ఓపెన్‌హైమ్ అనే పండితుడు వివరించాడు. మరికొన్నేళ్లకు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో పియర్ అమియే ఇంకా పాత సరుకు మీద దృష్టి పెట్టాడు. అవి ఇరాన్‌లోని సూసాలో దొరికిన బోలు మట్టి బంతులు. వాటి లోపల గులకరాళ్లకు బదులు చేత్తో చేసిన చిన్న చిన్న మట్టి బిళ్లలున్నాయి.

ఆ బిళ్లల కథను పట్టుకున్నది డెనీస్ ష్మాంట్-బెస్సెరా. మనుషులు మట్టిని మొదట దేనికి వాడారో తెలుసుకుందామని ఆమె 1969లో మ్యూజియంల వెంట తిరగడం మొదలుపెట్టారు. కుండల కోసం, ఇటుకల కోసం వెతుకుతుంటే, తుర్కియే నుంచి ఇరాన్ దాకా ఎక్కడ చూసినా గోళీలంత శంకువులు, గుండ్లు, బిళ్లలు, గొట్టాలు కనిపించాయి. కొన్ని క్రీ.పూ. 8000 నాటివి, అంటే వ్యవసాయం కుదురుకుంటున్న కాలానివి. తవ్వినవారిలో చాలామంది వాటిని ఆటవస్తువులనో తాయెత్తులనో రాసుకుని పక్కన పెట్టేశారు. ఆమె మాత్రం అవి సరుకుల లెక్కకు వాడినవని వాదించారు. ఒక్కో ఆకారం ఒక్కో సరుకు. ఒక శంకువంటే ఒక చిన్న కొలత ధాన్యం. కోడిగుడ్డు ఆకారపు బిళ్ల అంటే ఒక కుండ నూనె.

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ పద్ధతిలో అంకె విడిగా లేదు. 33 కుండల నూనె ఇవ్వాలంటే 33 నూనె బిళ్లలు పెట్టాల్సిందే. ఎన్ని అన్నదీ ఏమిటి అన్నదీ ఒకే బిళ్లలో అతుక్కుని ఉన్నాయి. బాకీ తీరేదాకా ఎవరూ బిళ్లలు తీసెయ్యకుండా వాటిని మట్టి బంతిలో పెట్టి మూసి, పైన ముద్రలు దొర్లించేవారు. మోసానికి దారి మూసుకుపోయింది గానీ ఒక చిక్కు వచ్చింది. బంతి పగలగొడితే తప్ప లోపల ఎన్నున్నాయో తెలియదు. అందుకని కొందరు బంతిని మూసేముందు ప్రతి బిళ్లనూ పైనున్న పచ్చిమట్టి మీద ఒకసారి నొక్కడం మొదలుపెట్టారు. శంకువు నొక్కితే ముక్కోణపు గుంట, గుండు నొక్కితే గుండ్రటి గుంట. లెక్కంతా పైనే కనిపిస్తుంటే లోపల బిళ్లలెందుకు? క్రీ.పూ. 3300 ప్రాంతానికి బోలు బంతితో పాటు గుంటలు నొక్కిన గట్టి మట్టి పలకలూ వచ్చేశాయి.

ఆ తర్వాతి అడుగు ఇరాన్ పడమటి కొండల్లోని గోదిన్ తెపెలో దొరికిన ఒక పలకలో స్పష్టంగా కనిపిస్తుంది. ఇది సుమారు క్రీ.పూ. 3100 నాటిది. మూడు గుండ్రటి గుంటలు, మూడు ముక్కోణపు గుంటలు, పక్కన మొనతో గీసిన నూనె కుండ గుర్తు. గుండ్రనిది పది, ముక్కోణం ఒకటి. అంటే 33 కుండలు. 33 బిళ్లల పని ఏడు గుర్తులతో అయిపోయింది. ధాన్యం కొలతలుగా ఉన్న ఆకారాలే ఇక్కడ ఉత్త అంకెలయ్యాయి, సరుకుకు వేరే గుర్తు పడింది. నా దృష్టిలో మొత్తం కథలో అతి పెద్ద మలుపు ఇదే. అయితే పాత వాసన పూర్తిగా పోలేదు. సుమేరు లేఖరుల లెక్కల్లో గొర్రెల దగ్గర గుండ్రటి గుంట పది అయితే, బార్లీ కొలిచేచోట అదే గుంట ఆరు చిన్న కొలతలకు సమానం. ఏ సరుకో తెలియకుండా అంకె చదవలేం.

ష్మాంట్-బెస్సెరా చెప్పినదంతా అందరూ ఒప్పుకోలేదు. అంకెల గుర్తులు బిళ్లల నుంచి వచ్చాయన్న మాట బలంగా నిలిచింది. గొర్రెకు వాడే గుర్తు, వలయంలో ఒకదాన్నొకటి కోసే రెండు గీతలు, అలాంటి గీతలే ఉన్న బిళ్ల నుంచి వచ్చిందనడం లాంటి పోలికలు మాత్రం చాలామందికి నచ్చలేదు. సరుకుల గుర్తుల్లో ఎక్కువ భాగం లేఖరులు కొత్తగా గీసుకున్నవే అయ్యుండాలని నాకూ అనిపిస్తుంది.

ఆ లేఖరుల ఊరు ఉరుక్, ఇరాక్ దక్షిణాన. అక్కడ దొరికిన వేల తొలి పలకల్లో అత్యధికం ఖాతాలే. మిగిలినవి లేఖరులు గుర్తులు నేర్చుకోవడానికి రాసుకున్న పదాల పట్టికలు. కథ లేదు, ప్రార్థన లేదు, ఉత్తరం లేదు. పండితులు తరచూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. పలక మీద రెండు, గొర్రె, గుడి, ఇనన్నా దేవత అని నాలుగు గుర్తులున్నాయనుకోండి. గొర్రెలు గుడికి ఇచ్చారా, గుడి నుంచి తెచ్చారా? పలకలో జవాబు లేదు. సుమేరు భాష కూడా మన తెలుగులాగే పదం చివర ప్రత్యయాలు చేర్చుకునే భాష. ‘రాజుకు’ అనాలంటే లుగల్ అనే మాటకు ‘ర’ చేరుస్తారు. కానీ ఖాతాలో ఆ ప్రత్యయాలేవీ రాయలేదు. ఆ లావాదేవీ తెలిసిన గుమస్తాకు వాటి అవసరం లేదు. పైగా ‘కు’, ‘నుంచి’ అన్నవాటికి బొమ్మ ఎలా గీస్తారు?

దారి చూపింది మనుషుల పేర్లు. ఖాతా అన్నాక ఎవరు ఇచ్చారో రాయక తప్పదు, పేరుకూ బొమ్మ ఉండదు. అందుకే లేఖరులు బొమ్మను అర్థం కోసం కాక శబ్దం కోసం వాడుకున్నారు. సుమేరు భాషలో బాణాన్ని ‘తి’ అంటారు, ప్రాణానికీ అదే శబ్దం. ఎవరి పేరులోనైనా ప్రాణం అనే మాట వస్తే బాణం గీశారు. మొదట్లో ఈ ఉపాయం అరుదు, తర్వాత తర్వాత పెరిగింది. సుమారు క్రీ.పూ. 2600 నాటి ఊర్ నగరపు రాచ సమాధుల్లో ఒక రాణి శవం దగ్గర నీలిరాతి ముద్ర దొరికింది. ఇప్పుడది లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. తవ్వించిన లియొనార్డ్ వూలీ దాని మీది పేరును సుమేరు పద్ధతిలో ‘షుబ్-అద్’ అని చదివాడు. తర్వాత తేలింది, ఆ పేరు సుమేరుది కాదు, అక్కద్ భాషది, పూ-అబి. ఒక భాష గుర్తులతో మరో భాష పేరు రాస్తే తంటా ఎలా ఉంటుందో, పాస్‌పోర్టులో ఇంటిపేరు కుదించుకుని, పేరు పిలిచినప్పుడల్లా సరిదిద్దే మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఆ తంటాలోనే లిపికి బలం వచ్చింది. పరాయి పేరును శబ్దంతో తప్ప రాయలేం. పైగా ఆ ముద్ర మీద గొర్రెలూ నూనే లేవు. పేరూ, ‘రాణి’ అన్న బిరుదూ, అంతే.

శబ్దాలు చేతికి వచ్చాక ప్రత్యయాలు రాయడానికి అడ్డేమీ లేకపోయింది. షురుప్పక్, అబూ సలాబిఖ్ ఊళ్ల పలకల్లో, క్రీ.పూ. 2600–2500 మధ్య, ఖాతాల పక్కనే తండ్రి కొడుకుకు చెప్పిన బుద్ధులు, గుడి మీద కట్టిన స్తోత్రం కనిపిస్తాయి. అప్పటికీ ప్రత్యయాలు చాలావరకు వదిలేసేవారు, పలక మీద గీసిన గడిలోపల గుర్తుల వరస కూడా మాట వరసలో ఉండేది కాదు. మరో నూరేళ్లకు, లగష్ రాజు ఎఅన్నాతుమ్ యుద్ధ శాసనాల నాటికి, గుర్తులు నోటి మాట వచ్చే వరసలో పడ్డాయి. రాజు, దేవుడు అన్న మాటల వెనకే విభక్తి గుర్తులూ వచ్చి చేరాయి. ఎవరు ఎవరికి ఇచ్చారో, ఎవరి నుంచి తీసుకున్నారో ఇక ఆ ఊరి గుమస్తానే అడగనక్కర్లేకుండా పోయింది.