తాళంచెవి అడిగినవాళ్ల రిజిస్టరు

గ్రూప్-2 పరీక్షకు అర్థశాస్త్రం చెప్పే మాస్టారొకరు నాకు చాలాకాలంగా తెలుసు. తరగతిలో చెప్పే పాఠాలనే వీడియో తీసి వెబ్‌సైటులో పెట్టి అమ్ముతుంటారు. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశారు. "నా పాఠాలన్నీ టెలిగ్రామ్‌లో తిరుగుతున్నాయటండీ. మా కుర్రాడు కుడి క్లిక్కు పనిచేయకుండా కట్టేశాడు కదా, ఇంకెలా పోయాయి?" అన్నారు.

ఆయన లాగిన్‌తోనే నా కంప్యూటర్‌లో సైటు తెరిచాను. కీబోర్డు మీద F12 నొక్కితే బ్రౌజర్ లోపలి సంగతులు చూపే కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో Network అన్న చోట, పేజీ ఏయే ఫైళ్లు తెప్పించుకుంటోందో వరసగా కనిపిస్తాయి. వీడియో మొదలుపెట్టగానే .mp4 తోకతో ఒక లింకు వచ్చింది. దాన్ని లాగిన్ లేని వేరే బ్రౌజర్‌లో అతికించాను. గంట పాఠం, దాదాపు 675 ఎంబీ, ఎవరి అనుమతీ అడగకుండా దిగిపోయింది. కుడి క్లిక్కు కట్టేయడమంటే తలుపు బార్లా తెరిచి కిటికీకి గడియ వేయడమే.

మాస్టారిది ఒంటరి బాధ కాదు. నీతూ సింగ్ అనే కోచింగ్ టీచరు వేసిన దావాలో, ఆమె పాఠాలను పంచుతున్న ఛానెళ్ల వెనుక ఎవరున్నారో వివరాలు ఇవ్వాలని 2022 ఆగస్టు 30న ఢిల్లీ హైకోర్టు టెలిగ్రామ్‌ను ఆదేశించింది. అయితే అది సరుకు సంతలో చేరాక జరిగే విచారణ. సరుకు మొదట ఎవరి ఖాతా నుంచి బయటికి పోయిందో మన దగ్గరే తెలియాలంటే వీడియో అందించే పద్ధతే మారాలి.

ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతి పేరు హెచ్‌ఎల్‌ఎస్. ఆపిల్ 2009లో తెచ్చింది. ఇందులో వీడియోను ఒకే ఫైలుగా పంపరు, సుమారు ఆరేసి సెకన్ల ముక్కలుగా కోస్తారు. గంట పాఠానికి 600 ముక్కలు, ఒక్కోటి ఎంబీకి కాస్త ఎక్కువ. ఏ ముక్క తర్వాత ఏ ముక్క ఆడించాలో చెప్పే చిన్న పట్టిక ఒకటి పక్కన ఉంటుంది. దాని తోక .m3u8. నిజానికి ముక్కలు చేయడం దొంగల కోసం మొదలైన పని కాదు. నెట్ మందగిస్తే తర్వాతి ముక్కను తక్కువ నాణ్యతలో తెచ్చుకుని, ఆగకుండా ఆడించడం కోసం మొదలైంది. ముక్కలు చేసినంత మాత్రాన రక్షణ రాదు. పట్టిక చేతికొస్తే 600 ముక్కలూ దించి అతికించే ఉచిత సాధనాలు బోలెడున్నాయి.

కాబట్టి ప్రతి ముక్కనూ ఏఈఎస్-128 అనే పద్ధతిలో గుప్తంగా మార్చి పెడతారు. మాస్టారి పన్నెండో పాఠం పట్టిక, అలా మార్చాక, ఇలా ఉంటుంది:

```
#EXTM3U
#EXT-X-VERSION:3
#EXT-X-TARGETDURATION:6
#EXT-X-KEY:METHOD=AES-128,URI="https://keys.example.com/k/12"
#EXTINF:6.0,
part000.ts
#EXTINF:6.0,
part001.ts
```

చూడాల్సింది నాలుగో వరస. "ఈ ముక్కలకు తాళం వేసి ఉంది, తాళంచెవి ఫలానా చిరునామాలో దొరుకుతుంది" అని అది ప్లేయర్‌కు చెబుతోంది. ఆ తాళంచెవి సరిగ్గా 16 బైట్లు. 675 ఎంబీల పాఠం గుట్టంతా, ఈ కథనంలో ఒక చిన్న మాటకు పట్టేటంత చోటులో ఇమిడిపోతుంది. ఊహించి పట్టుకుందామంటే కుదరదు. ఆ 16 బైట్లకు ఉన్న వేర్వేరు రూపాల సంఖ్య 39 అంకెలది.

తాళం నిజంగా పడిందో లేదో చూసుకోవడానికి ఒక తేలిక మార్గముంది. తాళం పడని .ts ముక్కలో ప్రతి 188 బైట్లకూ ఒకసారి ఒకే గుర్తు వస్తుంది. అక్షరంగా చూస్తే అది ఇంగ్లీషు G. మొదటి ముక్క తెరిచి చూస్తే ఆ వరసలో G లు కనబడుతున్నాయంటే తాళం పడలేదన్నమాట. పడితే అంతా గజిబిజే.

ఇక్కడిదాకా యంత్రం పని. `ffmpeg` అనే ఉచిత సాధనంతో మాస్టారి కుర్రాడు అరపూటలో చేసేశాడు. తాళం వేసిన ముక్కలను ఎక్కడ పెట్టినా ఫరవాలేదు, ఎవరు దించుకున్నా ఫరవాలేదు. అందుకే వాటిని ఊరూరా నకళ్లు పెట్టి వేగంగా అందించే సీడీఎన్‌లో ధైర్యంగా ఉంచవచ్చు. అసలు కాపలా ఇప్పుడు ఆ 16 బైట్లు ఇచ్చే గుమ్మం దగ్గర.

ఆ గుమ్మంలో కూర్చున్న సర్వర్ అడగాల్సినవి కొన్నే. నువ్వెవరు? ఈ కోర్సు కొన్నావా? నీ గడువు ఇంకా ఉందా? సమాధానాలు సరిపోతే 16 బైట్లు ఇస్తుంది, లేకపోతే పొమ్మంటుంది. ఐఫోన్‌లో మాత్రం చిన్న చిక్కు. ఫోన్ సొంత ప్లేయర్ తాళంచెవి కోసం వెళ్లేటప్పుడు, మన పేజీ దాని చేతికి అదనపు గుర్తింపు చీటీ ఇవ్వలేదు. అందుకని ఆ చీటీని తాళంచెవి చిరునామాలోనే కలిపి, కొద్ది నిమిషాల్లో చెల్లకుండా పోయేలా, ఒక్కో విద్యార్థికి ఒక్కో పట్టిక రాసిస్తారు.

అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించి లోపల చెడిపోయేది కూడా ఇక్కడే. మాస్టారి కుర్రాడు మొదటిసారి తాళంచెవి ఫైలును వీడియో ముక్కల పక్కనే, అదే ఫోల్డర్‌లో పెట్టాడు. తాళం వేసి చెవిని తలుపుకే వేలాడదీశాడన్నమాట. వీడియో చక్కగా ఆడుతుంది గనక ఎవరికీ అనుమానం రాదు. రెండోసారి దాన్ని వేరే సర్వర్‌కు మార్చాడు గానీ, ఆ దారి కూడా సీడీఎన్ గుండానే పోతోంది. డబ్బు కట్టిన మొదటి విద్యార్థికి ఇచ్చిన తాళంచెవిని సీడీఎన్ దాచుకుని, తర్వాత ఎవరు అడిగినా ప్రశ్న లేకుండా ఇచ్చేయడం మొదలుపెట్టింది. దాచుకోవద్దని సర్వర్ `Cache-Control: no-store` అనే మాటతో చెప్పాలి. ఇంకా మంచిది, తాళంచెవుల దారిని సీడీఎన్‌లోంచి తప్పించడమే.

ఈ రెండు తప్పులూ బయటపెట్టే పరీక్ష ఒక్క వరస. లాగిన్ ఏమీ లేకుండా తాళంచెవి అడిగి చూడటమే:

```
curl -i https://keys.example.com/k/12
```

జవాబు మొదటి వరసలో 401 గానీ 403 గానీ వస్తే గుమ్మం మూసి ఉంది. 200 వచ్చి, కింద `Content-Length: 16` కనిపిస్తే బట్టబయలు. ఒక విద్యార్థి పాఠం చూసిన తర్వాత కూడా ఈ పరీక్ష మళ్లీ చేయాలి. సీడీఎన్ దాచుకున్న సంగతి అప్పుడే బయటపడుతుంది. ఇంకో తమాషా కూడా జరిగింది. 200 వచ్చింది గానీ పొడవు 17. కుర్రాడు తాళంచెవిని మామూలు ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేశాడు, అది చివర కొత్త వరస గుర్తు ఒకటి అంటించింది. ఆ ఒక్క బైటుతో డబ్బు కట్టినవాళ్లకు కూడా నల్లటి తెరే మిగిలింది.

ఇంత చేశాక మాస్టారు ఒక ప్రశ్న వేశారు. "డబ్బు కట్టినవాడే దొంగయితే?" మంచి ప్రశ్న. తాళంచెవి బ్రౌజర్‌కు చేరిందంటే ఆ మనిషికి చేరినట్టే. తెలిసినవాడు అదే Network కిటికీలో దాన్ని పట్టుకుని, ముక్కలన్నీ దించి, తాళం తీసి, మామూలు ఫైలు చేసుకోగలడు. ఏఈఎస్-128 బయటివాడిని ఆపుతుంది, లోపలివాడిని ఆపదు. ఈ మాట దాచి "డౌన్‌లోడ్ అసాధ్యం" అని అమ్మేవాళ్లంటే నాకు చిరాకు.

లోపలివాడిని ఆపలేకపోయినా, వాడి అడుగులు మాత్రం రిజిస్టరులో పడతాయి. మామూలు ఫైలుకు ఆ గుణం లేదు. ప్రతి తాళంచెవికీ ఎవరు, ఎప్పుడు, ఏ పాఠానికి అడిగారో గుమ్మం దగ్గర రాసిపెట్టవచ్చు. పాఠం మొత్తానికి ఒకే తాళంచెవి కాకుండా, ప్రతి 100 ముక్కలకూ, అంటే పది నిమిషాలకొకటి చొప్పున మారిస్తే ఆ రాతకు ఇంకా బలమొస్తుంది. గంట పాఠానికి ఆరు తాళంచెవులు. కూర్చుని చూసే విద్యార్థి పది నిమిషాలకోసారి అడుగుతాడు. రెట్టింపు వేగంతో చూసేవాడైనా ఐదు నిమిషాలకోసారే. దించే సాధనం మాత్రం ఆరూ ఒక్క నిమిషంలో అడిగేస్తుంది, తర్వాత పాఠానికి పోతుంది. మనిషి నడకకూ యంత్రం పరుగుకూ తేడా తెలిసిపోతుంది. అయితే ఇక్కడ తొందరపడకూడదు. పరీక్ష ముందురోజు కావలసిన చోటికి గెంతుతూ పాఠాలు తిరగేసేవాడు కూడా తాళంచెవులు గబగబా అడుగుతాడు. అందుకే ఒక పాఠాన్ని చూసి కాదు, వరసగా పది పదిహేను పాఠాలు అలా పోతే అప్పుడు ఆపాలి.

తాళంచెవి బ్రౌజర్ పేజీకి అసలు కనబడకుండా ఇచ్చే పద్ధతి వేరే ఉంది. దాన్ని డీఆర్‌ఎం అంటారు. గూగుల్‌ది వైడ్‌వైన్, ఆపిల్‌ది ఫెయిర్‌ప్లే, మైక్రోసాఫ్ట్‌ది ప్లేరెడీ. సినిమాల యాప్‌లో స్క్రీన్ రికార్డు చేస్తే నల్లగా వస్తుంది చూశారా, అది దీని చలవే. వైడ్‌వైన్‌లోనూ మెట్లున్నాయి. పైమెట్టు ఎల్1లో తాళం తీసే పని ఫోన్ చిప్‌లోని భద్రమైన మూలలో జరుగుతుంది, ఎల్3లో అంతా సాఫ్ట్‌వేర్‌తోనే, కనుక అది బలహీనం. ఫోన్ ఏదైనా, దాని తెర ముందు ఇంకో ఫోన్ కెమెరా పెట్టేవాడిని మాత్రం ఇదీ ఆపలేదు. వాడి కోసమే, చూస్తున్నవాడి ఫోన్ నంబరు వీడియో మీద అక్కడక్కడా లీలగా తేలేలా చేస్తారు. డీఆర్‌ఎం లైసెన్సుకు నెలనెలా ఖర్చు ఉంటుంది గనక, మాస్టారు తాళంచెవి మార్చడం దగ్గరా, తేలే నంబరు దగ్గరా ఆగారు.

రెండు వారాల తర్వాత రిజిస్టరులో ఒక ఖాతా పట్టుబడింది. రాత్రి పదకొండుకు మొదలై పావుగంటలో పద్నాలుగు పాఠాలకు తాళంచెవులన్నీ అడిగింది. మాస్టారు ఆవేశంగానే ఫోన్ చేశారు. అటునుంచి ఒక అమ్మాయి. "మాస్టారూ, సెలవులకు ఊరెళ్తున్నానండి. మా ఊళ్లో సిగ్నల్ ఉండదు. హాస్టల్ వైఫై ఉన్నప్పుడే దించుకుంటున్నా" అంది. ఆయనకు ఏమనాలో తోచలేదట.

ఇప్పుడు కుర్రాడు యాప్ రాస్తున్నాడు. తాళం వేసిన ముక్కలే ఫోన్‌లో ఉంటాయి, తాళంచెవి ఫోన్ భద్రపరిచే చోట పదిహేను రోజులుంటుంది, తర్వాత మళ్లీ గుమ్మం దాకా రావాలి. పదిహేను చాలవు, నెల చెయ్యమని ఆ అమ్మాయి అడుగుతోందట.