ఒకే పిన్ను, రెండు లెక్కలు

ఆర్డ్యూనో ఊనో బోర్డు మీది డిజిటల్ పిన్ను ఇవ్వగలిగినవి రెండే: 0 వోల్టులు, లేదా 5 వోల్టులు. మధ్యలో రెండున్నర ఇవ్వమంటే దానివల్ల కాదు. అయినా ఆ పిన్నుకు కట్టిన చిన్న ఎల్‌ఈడీని మనకు కావలసినంత మసకగా వెలిగించవచ్చు. పిన్ను చేసేదల్లా దీపాన్ని చాలా వేగంగా వెలిగించి ఆర్పడమే. ఒక్కో విడతలో వెలిగి ఉండే సమయాన్ని పెంచితే వెలుగు పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. దీన్నే పల్స్ విడ్త్ మాడ్యులేషన్, పొట్టిగా పీడబ్ల్యూఎం అంటారు.

బోర్డు మీద అంకె పక్కన ~ గుర్తు ఉన్న పిన్నులకే ఈ సదుపాయం ఉంటుంది. 9వ పిన్ను నుంచి 220 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత ఎర్ర ఎల్‌ఈడీ, అక్కడి నుంచి గ్రౌండ్. ఈ పిన్ను సెకనుకు దాదాపు 490 విడతలు నడుస్తుంది, అంటే ఒక్కో విడత సుమారు 2 మిల్లీసెకన్లు. అందులో ఎంత వాటా వెలగాలో 0 నుంచి 255 దాకా ఒక అంకెతో చెబుతాం. 128 అంటే దాదాపు సగం సమయం.

తీరా 128 ఇచ్చి చూస్తే వెలుగు సగానికి తగ్గినట్టు అనిపించదు, పూర్తి వెలుగుకు కాస్త తక్కువగా కనిపిస్తుంది. సర్క్యూట్‌లో తప్పేమీ లేదు. మన కన్ను మసక వెలుగులో చిన్న తేడాను కూడా పట్టేస్తుంది, కాంతి ఎక్కువయ్యేకొద్దీ పెద్ద తేడాను కూడా అంతగా గుర్తించదు. అందుకే కంటికి సగంగా తోచాలంటే 55 దగ్గర మొదలుపెట్టి చూడాలి.

```
analogWrite(9, 55);
```

దీపం నిజంగానే ఆరి వెలుగుతోందా అన్న అనుమానం ఉంటే గదిలో లైట్లు ఆర్పి, ఎల్‌ఈడీని చేత్తో పట్టుకుని అటూ ఇటూ గబగబా ఊపండి. గాలిలో ఏకధాటి గీతకు బదులు ముక్కలు ముక్కలుగా తెగిన గీత కనిపిస్తుంది.

ఇప్పుడు ఎల్‌ఈడీ తీసేసి, అదే పిన్నుకు ఎస్‌జీ90 లాంటి చిన్న సర్వో మోటారు సిగ్నల్ తీగ కలిపామనుకుందాం. పైన రాసిన ఆదేశం ఇక్కడ పనికిరాదు. ఎల్‌ఈడీకి కావలసింది వెలిగే సమయానికీ ఆరే సమయానికీ ఉన్న నిష్పత్తి. సర్వోకు నిష్పత్తితో పనిలేదు. పల్స్ ఎంతసేపు నిలిచిందన్నదే అది కొలుస్తుంది. సుమారు 20 మిల్లీసెకన్లకొకసారి ఒక పల్స్ రావాలి. అది 1.5 మిల్లీసెకన్లు ఉంటే ఇరుసు నడిమికి వచ్చి ఆగుతుంది. 1 మిల్లీసెకనుకు దగ్గరైతే ఒక వైపుకు, 2కు దగ్గరైతే రెండో వైపుకు తిరుగుతుంది. లోపల పళ్ళ చక్రాలతో పాటు ఇరుసుకు ఒక పొటెన్షియోమీటర్ కూడా కలిసి ఉంటుంది. ఇరుసు ప్రస్తుతం ఎక్కడుందో అది చెబుతుంది. వచ్చిన పల్స్‌నూ ఆ స్థానాన్నీ లోపలి సర్క్యూట్ పోల్చి, తేడా పోయేదాకా మోటారును తిప్పుతుంది.

మన 9వ పిన్ను విడత మొత్తమే 2 మిల్లీసెకన్లు కనుక, 20కి ఒకసారి వచ్చే పల్స్‌కు అందులో చోటే లేదు. పోనీ విడతను 20 మిల్లీసెకన్లకు సాగదీసి అదే 255 మెట్లు వాడితే? ఒక్కో మెట్టు దాదాపు 78 మైక్రోసెకన్లవుతుంది. 1 నుంచి 2 మిల్లీసెకన్ల మధ్య 13 మెట్లకు మించి పట్టవు, చెయ్యి గంతులు వేస్తూ కదులుతుంది. అందుకే సర్వో లైబ్రరీ వేరే దారి పడుతుంది. 16 బిట్ల టైమర్‌ను అర మైక్రోసెకను లెక్కన నడిపి, పల్స్ పొడవును నేరుగా కొలుస్తుంది.

```
#include <Servo.h>
Servo s;
void setup() {
  s.attach(9);
  s.writeMicroseconds(1500);
}
void loop() {}
```

ఇక్కడి నుంచి వంద వంద చొప్పున పెంచుతూ వెళ్ళండి. ఇరుసు కదలకుండా మోటారు గుర్రుమంటోందంటే లోపలి అడ్డును తాకిందన్నమాట. వెంటనే వెనక్కి తగ్గించాలి, అలాగే వదిలేస్తే వేడెక్కి పళ్ళు అరిగిపోతాయి. ఈ హద్దు ఒక్కో సర్వోకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి చేతిలో ఉన్నదాన్ని కొలుచుకోవడమే మంచిది.

సర్వో వణుకుతుంటే, లేదా అది కదిలినప్పుడల్లా బోర్డు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంటే ప్రోగ్రామును అనుమానించకండి. కదలడం మొదలెట్టే క్షణంలో మోటారు వందల మిల్లీఆంపియర్లు లాగుతుంది, వోల్టేజి పడిపోతుంది. సర్వోకు విడిగా 5 వోల్టుల సరఫరా ఇచ్చి, దాని గ్రౌండ్‌నూ బోర్డు గ్రౌండ్‌నూ తప్పకుండా కలపాలి. గ్రౌండ్ కలవకపోతే పల్స్‌ను కొలవడానికి సర్వోకు ఆధారమే ఉండదు.

సర్వోతో పాటు ఎల్‌ఈడీ కూడా కావాలనుకునేవారికి ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఊనోలో సర్వో లైబ్రరీ వాడుకునే టైమరే 9, 10 పిన్నుల పీడబ్ల్యూఎంనూ నడుపుతుంది. కాబట్టి సర్వోను ఏ పిన్నుకు కట్టినా ఆ రెండింటి మీదా ఎల్‌ఈడీ వెలుగును తగ్గించడం కుదరదు. ఎల్‌ఈడీని 6వ పిన్నుకు మారిస్తే రెండూ పనిచేస్తాయి.