ముందు వాక్యం, తర్వాతి వాక్యం

"వర్షం తగ్గకపోతే రేపు పిల్లలు బడికి రావద్దు." ఈ మాట బోర్డు మీద రాసి, మొదటి రెండు పదాలు తుడిచేయండి. మిగిలింది చదవమనండి. అక్షరం మారలేదు, అర్థం మాత్రం తారుమారైంది. మత గ్రంథాలను తీవ్రవాదులు ఎలా వాడుకుంటారో ఇంటర్ పిల్లలకు చెప్పాలంటే ఇక్కడ మొదలుపెట్టాలి, ఏ గ్రంథంతోనూ కాదు. ఈ ఆట అయ్యాక పిల్లల చేత నాలుగు ప్రశ్నలు రాయించాలి. ఈ మాట ఎవరు, ఎవరితో అన్నారు? ఏ సందర్భంలో? దీనికి ముందూ వెనకా ఏముంది? ఈ ముక్కను ఇవాళ నాకు చూపిస్తున్న మనిషికి నా నుంచి ఏం కావాలి? నాలుగోది తరచూ మర్చిపోతాం. అసలు కీలకం అదే.

తర్వాత ఏ గ్రంథం తెరవాలన్నది చిక్కు ప్రశ్న. తరగతిలో ఎక్కువమంది ఇళ్లలో ఉన్న గ్రంథంతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. అలా కాకపోతే, మూల బెంచీలో కూర్చున్న ఇద్దరి వైపు అందరి తలలూ తిరుగుతాయి. ఇక అక్కడ పాఠం ఉండదు, విచారణ ఉంటుంది.

మన తరగతుల్లో చాలావాటికి అది భగవద్గీత అవుతుంది. గాంధీ గీతను గుజరాతీలోకి అనువదించి, దానికి 'అనాసక్తి యోగం' అని పేరు పెట్టారు. కురుక్షేత్రం మనిషి లోపల జరిగే పోరాటమని ఆయన చదువుకున్నారు. 1948 జనవరి 30న ఆయన్ను కాల్చి చంపిన గాడ్సే, ఆ నవంబరులో కోర్టులో చదివిన వాంగ్మూలంలో రాముణ్ణీ కృష్ణుణ్ణీ అర్జునుణ్ణీ తనకు సాక్ష్యంగా తెచ్చుకున్నాడు. పేర్లు చెప్పకుండా ఈ రెండు వాదాలనూ రెండు కాగితాల మీద రాసి జట్లకు ఇవ్వండి. గీత ఎవరితో, ఎక్కడ చెప్పిందో వెతకమనండి. రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడి, శంఖాలు ఊదాక మొదలైన యుద్ధం అది. 1948లో ఎదుట ఉన్నది ప్రార్థనకు నడిచి వెళ్తున్న 78 ఏళ్ల నిరాయుధుడు. శత్రువెవరో తేల్చిందీ, శిక్ష వేసిందీ, అమలు చేసిందీ ఆ హంతకులే. ఇంత తేడా బయటపడ్డాకే పేర్లు చెప్పండి.

ఇప్పుడు ఖురాన్‌లోని తౌబా అధ్యాయం, 5వ ఆయతు. పవిత్ర మాసాలు గడిచాక బహుదైవారాధకులను కనిపించిన చోట చంపమని అందులో ఉంది. ఒసామా బిన్ లాడెన్ 1998 నాటి యుద్ధ ప్రకటన ఈ ముక్కతోనే మొదలవుతుంది. ముస్లింలంతా ఇంతేనని ద్వేషం నూరిపోసేవాళ్లూ సరిగ్గా ఇక్కడే కత్తిరిస్తారు. 4 నుంచి 6 దాకా మొత్తం ఇచ్చి చదవమనండి. ఒప్పందం తప్పని వాళ్లతో గడువు దాకా ఒప్పందం పాటించమంటుంది 4వ ఆయతు. వాళ్లలో ఎవరైనా ఆశ్రయం కోరితే ఇచ్చి, క్షేమంగా ఉండే చోటికి చేర్చమంటుంది 6వది. 2014లో 120 మందికి పైగా ముస్లిం పండితులు ఐసిస్ నాయకుడు బగ్దాదీకి రాసిన బహిరంగ లేఖలోనూ ఇదే అభ్యంతరం ఉంది: ఒక విషయం మీద గ్రంథం చెప్పినదంతా చూడకుండా, ఒక్క ముక్క తీసుకుని తీర్పు చెప్పకూడదని.

సందర్భం చెప్పగానే వాదం ముగిసిపోదు. ఈ ఆయతు వచ్చాక శాంతి ఆయతులు రద్దయ్యాయన్న పాత వ్యాఖ్యాతలున్నారు, కాదన్నవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి దాచకండి. దాస్తే రాత్రికి పిల్లవాడు ఫోన్‌లో వెతుక్కుంటాడు, అప్పుడు మీకంటే ఆ వీడియో చేసినవాణ్ణే నమ్ముతాడు.

జాగ్రత్తల విషయానికొస్తే, తీవ్రవాదుల వీడియోలు, పోస్టర్లు తెర మీద వేయకండి. వాళ్ల వాదం మీ మాటల్లో చెబితే చాలు. ఏ పిల్లవాణ్ణీ "మీ వాళ్లు ఏమంటారు?" అని అడగకండి. తీవ్రవాది వేషం ఎవరితోనూ వేయించకండి, బాగా నటించినవాడికి ఆ పేరే అంటుకుంటుంది. సందేహాలు పేరు రాయని చీటీల మీద తీసుకోండి. ప్రిన్సిపాల్‌కూ తల్లిదండ్రులకూ ముందే చెప్పి, తరగతిలో ఫోన్లు పక్కన పెట్టించండి. పాఠంలోంచి పది సెకన్ల ముక్క వాట్సాప్‌కు ఎక్కితే, గ్రంథానికి పట్టిన గతే మాస్టారికీ పడుతుంది.

ఎవరైనా హింసను సమర్థిస్తూ మాట్లాడితే తరగతి ముందు వాదన పెట్టుకోవద్దు. ఆ రోజే విడిగా కూర్చోబెట్టి వినండి. ఎవరికైనా హాని చేసే ఆలోచన బయటపడితే రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి. వెంటనే కౌన్సెలర్‌కు, ఇంట్లో పెద్దలకు చెప్పండి. పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు ఇంకా ఆ దారి పట్టని పిల్లల కోసం. అప్పటికే అందులో మునిగినవాణ్ణి ఒక్క పీరియడ్ పాఠం బయటికి లాగలేదు.