97 శాతం వచ్చాక ఇంకా ఫొటోలు ఎందుకు?

మీటింగ్ గదుల్లో ఈ ప్రశ్న చాలాసార్లు విన్నాను. టీమ్ వాళ్లు తెర మీద 97 శాతం అని చూపిస్తారు. మేనేజరు ముఖం వెలిగిపోతుంది. ఆ వెంటనే వాళ్లే, "సార్, వదిలే ముందు ఇంకా కొన్ని ఫొటోలకు లేబుళ్లు పెట్టించాలి, నెలన్నర పడుతుంది" అంటారు. "నూటికి తొంభై ఏడు తెచ్చుకున్న పిల్లాడికి మళ్లీ ట్యూషనేంటండీ?" అని ఆయన అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే ఆ మార్కులు ఏ పేపరుకు వచ్చాయో ముందు చూడాలి.

మిరప పంట సంగతే తీసుకుందాం. రైతు ఫోనుతో ఆకు ఫొటో తీస్తే అది పై ముడతో, కింది ముడతో, ఆరోగ్యంగా ఉందో చెప్పే యాప్ ఒకటి తయారవుతోందనుకోండి. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా అవుతుంది. దాన్ని పై ముడత అంటారు. తెల్లనల్లి పీలిస్తే ఆకు కిందికి ముడుచుకుని బోర్లించిన పడవలా కనిపిస్తుంది, కాడ సాగుతుంది. అది కింది ముడత. రైతుకు ఈ తేడా డబ్బుతో కూడిన విషయం. తామర పురుగు మందుల్లో చాలావాటికి నల్లి చావదు. సింథటిక్ పైరిథ్రాయిడ్ల లాంటివి కొడితే నల్లి తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. యాప్ ఒక్క మాట తప్పు చెబితే మందు ఖర్చుతో పాటు చేను కూడా పోతుంది.

ఇలాంటి యాప్ లోపల ఉండే మోడల్‌కు ఎవరూ సూత్రాలు చెప్పరు. వేల ఫొటోలు చూపించి, ఒక్కోదాని పక్కన "ఇది పై ముడత", "ఇది కింది ముడత" అని తెలిసినవాళ్లు రాసిన జవాబును ఇస్తారు. ఆ జవాబునే లేబుల్ అంటారు. ఫొటోలో జవాబుతో పాటు మారుతూ వచ్చేది ఏది దొరికితే మోడల్ దాన్ని పట్టుకుంటుంది. అది ఆకు ముడతే కావాలని లేదు.

ఇది నా ఊహ కాదు. శరద మొహంతి, డేవిడ్ హ్యూస్, మార్సెల్ సలాథే 2016లో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో అందరికీ తెలిసినదే. ప్లాంట్‌విలేజ్ అనే సేకరణలోని 54,306 ఆకు ఫొటోలతో, 14 పంటల్లో 26 తెగుళ్లను గుర్తించే మోడల్‌ను వాళ్లు తయారుచేశారు. చూపించకుండా పక్కన దాచిన ఫొటోల మీద పరీక్షిస్తే 99.35 శాతం సరిగ్గా చెప్పింది. వేరే పరిస్థితుల్లో తీసి ఇంటర్నెట్‌లో ఉన్న ఫొటోల మీద పరీక్షించినప్పుడు అదే పద్ధతి 31 శాతం దగ్గర ఆగింది. ఆ సంగతి వాళ్లే నిజాయితీగా రాశారు.

ఎందుకలా జరిగింది? ఆ సేకరణలోని ఫొటోలు ఆకు తెంపి, సాదా నేపథ్యం మీద పెట్టి, ఒక పద్ధతిలో తీసినవి. ఒక తెగులు ఫొటోలన్నీ దాదాపు ఒకే చోట, ఒకే వెలుతురులో తీస్తే ఆ వెలుతురే తెగులుకు గుర్తుగా మారుతుంది. 2022లో మరొక పరిశోధకుడు దీన్ని చాలా సూటిగా నిరూపించాడు. ఆకును పూర్తిగా వదిలేసి, ప్రతి ఫొటో నేపథ్యంలోంచి 8 పిక్సెళ్లు మాత్రమే తీసుకుని మోడల్‌కు నేర్పాడు. అందులో 38 రకాల జవాబులున్నాయి కాబట్టి గుడ్డిగా చెబితే 2.6 శాతం రావాలి. ఆ 8 చుక్కలతోనే 49 శాతం వచ్చింది. అది ఆకును ఒక్కసారి కూడా చూడలేదు.

మన మిరప యాప్‌లోనూ ఇది సులువుగా జరుగుతుంది. ఫీల్డు కుర్రాడు ఒక చేనులో ఒకే మొక్కవి పది ఫొటోలు తీస్తాడు. ఆఫీసులో వాటన్నిటినీ కలిపి, పేకముక్కల్లా కలియబెట్టి, ఎనిమిది నేర్పడానికి, రెండు పరీక్షకు పంచుతారు. పరీక్షలో వచ్చిన మొక్కను మోడల్ అప్పటికే ఎనిమిది సార్లు చూసింది. క్లాసులో చేయించిన లెక్కే పరీక్షలో ఇచ్చినట్టు. అందుకని 97 అన్న అంకె విన్న మేనేజరు మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "పరీక్షకు పెట్టిన ఫొటోలు మోడల్ ఎన్నడూ చూడని చేలవేనా?" కాదంటే, చేలవారీగా విడదీసి మళ్లీ పరీక్ష పెట్టమనాలి. అంకె పడిపోతే బాధపడకండి. ఇంతకుముందు కూడా నిజం అదే, ఇప్పుడు కనబడిందంతే.

సరే, చేలు వేరు చేసి పరీక్షించినా 97 దాటిందనుకుందాం. అప్పుడూ ఆ అంకెను విప్పి చూడాలి. లెక్క కోసం పరీక్షలో 1,000 ఫొటోలున్నాయనుకోండి. వాటిలో 700 ఆరోగ్యంగా ఉన్న ఆకులు, 280 పై ముడత, 20 మాత్రమే కింది ముడత. మోడల్ వరసగా 690, 272, 14 సరిగ్గా చెప్పింది. మొత్తం 976, అంటే 97.6 శాతం. కానీ నల్లి పట్టిన 20 ఆకుల్లో 6 తప్పు. ఆ ఆరుగురు రైతుల్లో ఒకరికి మీ కంపెనీ తామర పురుగు మందు రాసిచ్చిందనుకోండి, 97.6 ఆ రైతుకు ఏమని చెప్పుకోవాలి?

ఇక్కడే చాలామంది దాటవేసే విషయం ఒకటుంది. 20లో 14 అంటే 70 శాతం అని రాసుకుంటాం కానీ, ఇరవై ఫొటోలతో ఆ 70ని నమ్మలేం. ఇంకో ఇరవై ఆకులు తెస్తే 11 రావచ్చు, 17 రావచ్చు. గణితం ప్రకారం, ఇంత చిన్న పరీక్షతో అసలు సామర్థ్యం దాదాపు 48 నుంచి 85 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. బొమ్మా బొరుసా వేసినట్టుందో, బాగా పనికొస్తుందో ఈ పరీక్ష తేల్చదు. అదే 200 కింది ముడత ఫొటోల మీద పరీక్షించి 140 సరిగ్గా వస్తే, ఆ పరిధి సుమారు 63 నుంచి 76కి కుదించుకుపోతుంది. ఇప్పుడు దాని మీద నిర్ణయం తీసుకోవచ్చు. లేబుళ్లు మోడల్‌కు నేర్పడానికే కాదు, దాన్ని నమ్మొచ్చో లేదో మనకు తెలియడానికి కూడా కావాలి. టీమ్ అడుగుతున్న ఫొటోల్లో కొంత భాగం ఈ రెండో పనికే. దాన్ని మోడల్‌కు చూపించకుండా తాళం వేసి ఉంచాలి.

మరి ఫొటోలు ఆఫీసులో ఎవరైనా చూసి లేబుల్ పెట్టేస్తే సరిపోదా? సరిపోదు. తెల్లనల్లి సుమారు మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. అది లేత ఆకుల అడుగున ఉంటుంది. పై నుంచి తీసిన ఫొటోలో ముడత కనిపిస్తుందే గాని పురుగు కనబడదు. ఒక్కో మొక్క మీద తామర పురుగూ నల్లీ రెండూ ఉంటాయి, ఆకు ఎటూ కాకుండా మెలితిరిగి ఉంటుంది. పైగా తెల్లదోమ తెచ్చే వైరస్ సోకినా ఆకులు ముడుచుకుంటాయి. ఇంత గందరగోళంలో ఫొటో చూసి ఊహించి రాసిన లేబుల్ ఊహే అవుతుంది. మోడల్ ఆ ఊహను శ్రద్ధగా నేర్చుకుంటుంది. సరైన లేబుల్ చేలోనే పుడుతుంది. కీటకశాస్త్రం తెలిసిన మనిషి ఆకు తిప్పి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టి, ఏముందో చూసి, అక్కడే ఫొటో తీసి, అక్కడే రాయాలి. అందుకే ఒక్కో లేబుల్‌కు ఖర్చు, ఆలస్యం. కొన్ని వందల ఫొటోలను ఇద్దరు నిపుణులతో విడివిడిగా రాయించి పోల్చి చూడటం మంచిది. ఇద్దరూ ఎక్కువసార్లు విభేదిస్తుంటే ఫొటోలు పెంచే ముందు, ఏది పై ముడత, ఏది కింది ముడత, రెండూ ఉంటే ఏమని రాయాలి అన్నది తేల్చుకోవాలి.

ఎన్ని ఫొటోలు చాలు అన్నదానికి నికరమైన అంకె ఎవరూ చెప్పలేరు. కానీ చూసుకునే దారి ఒకటుంది. ఉన్న ఫొటోల్లో పావు వంతుతో మోడల్‌కు నేర్పి పరీక్షించాలి, తర్వాత సగంతో, తర్వాత మొత్తంతో. రకం రకానికి విడిగా గీత గీసుకోవాలి. ఆరోగ్యకరమైన ఆకుల గీత సగం దగ్గరే చదునైపోయి, కింది ముడత గీత ఇంకా పైకి పోతోందనుకోండి. ఆరోగ్యకరమైన ఆకుల ఫొటోలు ఇంకో పది వేలు తెచ్చినా డబ్బు దండగ. కింది ముడతవి ఆరు వందలు తెస్తే ఫలితం కనిపిస్తుంది. టీమ్ "ఇంకా డేటా కావాలి" అన్నప్పుడు ఈ గీతలు చూపించమని అడగడం మేనేజరు హక్కు. అడగకపోతే సులువుగా దొరికే ఫొటోలే వచ్చిపడతాయి.

నేర్పడానికి తెచ్చేవాటిలో మోడల్ తడబడుతున్న ఫొటోలను ఏరి ముందుగా లేబుల్ చేయించుకోవచ్చు. దాంతో ఖర్చు తగ్గుతుంది. పరీక్షకు పెట్టేవాటిని మాత్రం అలా ఏరకూడదు. రైతులు నిజంగా పంపే ఫొటోల్లోంచే యాదృచ్ఛికంగా తీయాలి. మసకగా ఉన్నవి, ఎదురెండలో తీసినవి, వేలు అడ్డం వచ్చినవి కూడా అందులో ఉండాలి.

లేబుళ్లతో తీరని సమస్యలూ ఉన్నాయి. యాప్ ఆకు పైభాగం ఫొటోయే అడుగుతుంటే ఎన్ని లేబుళ్లు పెట్టినా నల్లిని చూపించలేం. "ఆకు తిప్పి ఇంకో ఫొటో తీయండి" అన్న ఒక్క బటన్ చేసే మేలు వేల లేబుళ్లు చేయవు. ఇక కొత్త పురుగు వస్తే పాత లేబుళ్లన్నీ చేతులెత్తేస్తాయి. 2021-22 పంటకాలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప చేల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. త్రిప్స్ పార్విస్పైనస్ అని దాని శాస్త్రీయ నామం. ఆకుల కన్నా పూలలోనే గుంపులుగా చేరి పూత రాలగొట్టింది. అంతకు ముందటి ఆకు ఫొటోలతో నేర్చుకున్న మోడల్‌కు ఆ పేరే తెలియదు. తెలియదని చెప్పడం కూడా ఎవరూ నేర్పలేదు కాబట్టి, నేర్చుకున్న మూడు జవాబుల్లో ఏదో ఒకటి ధీమాగా చెబుతుంది. అందుకని యాప్ వదిలాక కూడా వారానికి కొన్ని ఫొటోలను నిపుణుడి చేతికిచ్చి చూపించాలి. "ఏదీ కాదు" అన్న నాలుగో లేబుల్ ఆయన చేతిలో ఉండాలి. ఒక మండలం నుంచి అది ఒక్కసారిగా పెరిగితే అప్పుడు మనిషి పూలు విప్పి చూడటానికి ఆ చేలకు వెళ్లాలి.