బుడగ పేల్చే తుపాకీ, పతకం తెచ్చే తుపాకీ

నాంపల్లి నుమాయిష్‌లోనో, విశాఖ బీచ్‌లోనో, ఊరి తిరునాళ్ళలోనో బుడగలు పేల్చే తుపాకీని ఒక్కసారైనా చేత పట్టుకోనివాళ్ళు తక్కువ. కొట్టు కుర్రాడు గొట్టాన్ని పుటుక్కున కిందికి వంచుతాడు, సీసపు పెల్లెట్ ఒకటి దూరుస్తాడు, మళ్ళీ బిగించి చేతికిస్తాడు. ట్రిగ్గర్ నొక్కగానే లోపల ఏదో టంగుమంటుంది, భుజం దగ్గర చిన్న కుదుపు. పెల్లెట్ మాత్రం బుడగను తప్పించుకుని వెనకనున్న గుడ్డకు తగులుతుంది. గురి కుదరలేదని నవ్వుకుంటూ వచ్చేస్తాం. కానీ ఆ తప్పులో సగం ఆ కుదుపుది.

మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అదీ గాలి తుపాకీయే. పెల్లెట్ వ్యాసం కూడా తిరునాళ్ళలో మనం వాడే 4.5 మిల్లీమీటర్లే. తేడా అంతా పెల్లెట్‌ను తోసే గాలి ఎక్కణ్ణుంచి వస్తుందన్న దగ్గరే ఉంది. గాలి తుపాకులు ప్రధానంగా మూడు రకాలు. స్ప్రింగుతో పనిచేసేవి, చిన్న గ్యాస్ క్యాట్రిడ్జ్‌తో పనిచేసేవి, ముందే గాలి నింపి పెట్టుకునే పీసీపీ రైఫిళ్ళు. స్ప్రింగు రకంలో పెల్లెట్ వేగం నిలకడగా ఉంటుంది గానీ తుపాకీ నిలకడగా ఉండదు. గ్యాస్ రకంలో తుపాకీ కదలదు గానీ వేగం నిలవదు. పీసీపీలో రెండూ నిలుస్తాయి, అయితే బాధ్యతంతా పంపు మీద, రబ్బరు వాషర్ల మీద, సిలిండర్ మీద పడుతుంది.

స్ప్రింగు: ముందుకూ వెనక్కూ కుదుపు

గొట్టాన్ని వంచినప్పుడు మన చేతి బలం ఒక లావుపాటి స్ప్రింగును నొక్కి పెడుతుంది. ట్రిగ్గర్ లాగగానే స్ప్రింగు విడివడి, పిస్టన్‌ను ముందుకు విసురుతుంది. పిస్టన్ ముందున్న గాలి నలిగి, వేడెక్కి, పెల్లెట్‌ను తోస్తుంది. అంటే ఇందులో గాలిని నిల్వ చేయడం ఉండదు. ప్రతి దెబ్బకూ అప్పటికప్పుడే ఒత్తిడి పుట్టాలి.

చిక్కంతా ఇక్కడే. బరువైన పిస్టన్ ముందుకు దూకితే తుపాకీ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ చివరికంటా వెళ్ళి ఆగగానే తుపాకీ ముందుకు కుదుపుకుంటుంది. ఈ రెండు కదలికలూ సెకనులో నూరో వంతు అటూ ఇటుగా ముగిసిపోతాయి. పెల్లెట్ మాత్రం పిస్టన్ దాదాపు ఆగే వేళకే కదలడం మొదలుపెడుతుంది. అంటే పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే తుపాకీ ఊగుతోందన్నమాట. ఆ ఊపు ఎటు పోతుందో మనం తుపాకీని పట్టుకున్న తీరే నిర్ణయిస్తుంది. ఒకసారి గట్టిగా, మరోసారి వదులుగా పట్టుకుంటే, గురి ఒకటే అయినా పెల్లెట్లు వేర్వేరు చోట్ల పడతాయి. అందుకే అనుభవమున్నవాళ్ళు దీన్ని బిగించి పట్టరు. ముందు చెయ్యి తెరిచి, అరచేతి మీద ఊరికే ఆనించి, తుపాకీని తన దారిన తనను కదలనిస్తారు. ప్రతిసారీ అదే చోట, అదే తేలికతో ఆనించడమే కిటుకు.

ఈ ముందు కుదుపు టెలిస్కోపులకూ గండమే. వెనక్కి తన్నే తుపాకుల కోసం చేసిన టెలిస్కోపు ఖరీదైనదైనా స్ప్రింగు రైఫిల్ మీద నెలల్లో పాడవచ్చు. లోపలి గురి గీతలు జరిగిపోవడం, గురి రోజుకో చోటికి మారడం దానికి గుర్తులు.

పోటీ రైఫిళ్ళు చేసే జర్మన్ కంపెనీలు ఈ కుదుపుతో చాలాకాలం కుస్తీ పట్టాయి. ఫైన్‌వెర్క్‌బౌ 300 రైఫిల్‌లో యంత్రభాగం మొత్తం పట్టాల మీద వెనక్కి జారి, కుదుపును భుజానికి చేరనివ్వదు. డయానా కంపెనీ కొన్ని మోడళ్ళలో ఎదురెదురు దిశల్లో కదిలే రెండు పిస్టన్లు పెట్టి, ఒకదాని కుదుపును మరొకదానితో కొట్టేయించింది. పనిచేశాయి గానీ, యంత్రం బరువెక్కింది, ఖర్చు పెరిగింది.

దుకాణాల్లో గ్యాస్ ర్యామ్, గ్యాస్ పిస్టన్ అనే పేర్లు వినిపిస్తాయి. అవీ ఈ కోవలోవే. ఉక్కు స్ప్రింగు బదులు మూసిన గొట్టంలో బంధించిన గ్యాస్ ఉంటుంది, అంతే. కుదుపు పోదు.

క్యాట్రిడ్జ్: వంటింటి సిలిండర్ లాంటిదే

గ్యాస్ క్యాట్రిడ్జ్‌లో 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ద్రవరూపంలో ఉంటుంది. వంటింట్లో ఎల్పీజీ సిలిండర్ పనిచేసేది ఇలాగే. లోపల ద్రవం ఉన్నంతసేపూ దానిపైన గ్యాస్ ఒత్తిడి ఒకే తీరుగా నిలుస్తుంది. కొంత వాడితే కొంత ద్రవం ఆవిరై ఆ ఖాళీని పూడుస్తుంది. అందుకే క్యాట్రిడ్జ్ ఒకటి బిగిస్తే, పంపు కొట్టే పని లేకుండా కొన్ని పదుల దెబ్బలు కొట్టవచ్చు. ఇందులో పిస్టన్ లేదు. చిన్న సుత్తి వాల్వును తడితే గ్యాస్ ఎగిసి పెల్లెట్‌ను తోస్తుంది. భుజానికి కుదుపు దాదాపు తెలియదు.

కానీ చలికాలంలో గ్యాస్ పొయ్యి మంట మందగించినట్టే, ఇక్కడా ఒత్తిడి ఉష్ణోగ్రతకు కట్టుబడి ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర అది సుమారు 57 బార్లు. 30 డిగ్రీలకు 72 బార్లు. కారు టైరులో ఉండే గాలి రెండు బార్ల పైచిలుకేనని గుర్తు చేసుకుంటే ఈ మార్పు ఎంతదో తెలుస్తుంది. ఒక డిగ్రీకి పెల్లెట్ వేగం సెకనుకు మీటరు అటూ ఇటూ మారుతుందని గుర్తుపెట్టుకోవడానికి ఒక మోటు లెక్క.

ఆ లెక్కతోనే ఒక ఉదాహరణ వేద్దాం. జనవరిలో ఓ సాయంత్రం 28 డిగ్రీల్లో గురి సరిచేసుకున్నారనుకోండి. పెల్లెట్ వేగం సెకనుకు 170 మీటర్లు. 10 మీటర్లు దాటేలోపు అది భూమ్యాకర్షణకు సుమారు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఆ దిగుడును లెక్కలోకి తీసుకునే గురి సరిచేస్తారు. మర్నాడు పొద్దున 18 డిగ్రీలు. వేగం 160కి పడింది. ఇప్పుడు పెల్లెట్ 19 మిల్లీమీటర్లకు పైగా దిగుతుంది. తేడా రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. బుడగకు అదో లెక్క కాదు. ఒలింపిక్ గురిపలకలో మాత్రం నడిమి చుక్క వ్యాసమే అర మిల్లీమీటరు, పావు మిల్లీమీటరుకు ఒక దశాంశం పోతుంది. సరిగ్గా నడిమధ్య తగిలి 10.9 రావాల్సిన దెబ్బ 10.1 దగ్గర ఆగిపోతుంది.

పొద్దున గురి మళ్ళీ సరిచేసుకోవచ్చు. కానీ వరసగా కాలిస్తే ద్రవం ఆవిరయ్యే కొద్దీ క్యాట్రిడ్జ్ చల్లబడి, ఆట మధ్యలోనే వేగం పడిపోతుంది. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఆగడమే దానికి మందు.

మన ఎండలు మరో చిక్కు తెస్తాయి. 31 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడ్ ఎంత నొక్కినా ద్రవంగా నిలవదు. రెంటచింతల మే నెల మధ్యాహ్నంలో క్యాట్రిడ్జ్‌లో ఉన్నదంతా వాయువు లాంటి పదార్థమే. ఒత్తిడి మరీ పెరిగి సుత్తి దెబ్బకు వాల్వు తెరుచుకోకపోవచ్చు. తెరుచుకున్నా, మొదటి దెబ్బ బలంగా పోయి, ఆపై ప్రతి దెబ్బకూ వేగం తగ్గుతూ పోతుంది. ఎండలో నిలిపిన కారులో క్యాట్రిడ్జ్‌లు వదిలేస్తే పేలే ప్రమాదం కూడా ఉంది.

పీసీపీ: నిలకడకు మరో పేరు

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 18వ శతాబ్దం చివర్లో ఆస్ట్రియా సైన్యం వాడిన గిరాండోని రైఫిల్ ఇలాంటిదే. పిడి స్థానంలో బిగించిన గాలి బుడ్డిని నింపడానికి సైనికుడు వెయ్యికి పైగా పంపు దెబ్బలు కొట్టాల్సి వచ్చేది. నేటి పోటీ రైఫిళ్ళ సిలిండర్‌లో గాలి 200 బార్ల దాకా, కొన్నిటిలో 300 దాకా నింపుతారు. 60 దెబ్బల పోటీకి ఒక్క నింపు ధారాళంగా సరిపోతుంది.

ఇంత ఒత్తిడి నేరుగా వాల్వు మీద పడితే నిలకడ రాదు. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు ఒత్తిడే వాల్వును మూసిపెట్టి, కొంచెం గాలినే వదులుతుంది. ఖాళీ అయ్యే కొద్దీ తోసే బలమే ఉండదు. మధ్యలో కొన్ని దెబ్బలే సరిగా పడతాయి. అందుకే మంచి రైఫిళ్ళలో రెగ్యులేటర్ ఉంటుంది. సిలిండర్‌లో ఎంతున్నా, వాల్వు వెనక చిన్న గదికి ఒకే ఒత్తిడి అందిస్తుంది. దాంతో వేగంలో తేడా సెకనుకు ఒకటి రెండు మీటర్లకు దిగుతుంది. పై లెక్క ప్రకారం రెండు మీటర్ల తేడాకు గురిపలక మీద మార్పు 0.4 మిల్లీమీటర్లే. ఉష్ణోగ్రత 20 నుంచి 30కి పెరిగినా గాలి ఒత్తిడి మారేది మూడు నాలుగు శాతమే, అదీ రెగ్యులేటర్ దగ్గరే ఆగిపోతుంది. 1980ల్లో పోటీల్లోకి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ రైఫిళ్ళను తర్వాతి దశాబ్దంలో పీసీపీ పక్కకు నెట్టింది ఇందుకే.

బలం ఎంత కావాలి?

కొనేవాళ్ళు మొదట అడిగేది ఇదే, నిజానికి చివర చూడాల్సింది ఇది. 10 మీటర్ల పోటీ రైఫిల్ బలం ఏడున్నర జౌళ్ళకు అటూ ఇటు. స్ప్రింగు రైఫిల్ బలానికి మన చేతి బలమే హద్దు, బలం పెంచితే కుదుపూ పెరుగుతుంది. క్యాట్రిడ్జ్‌కు గ్యాస్ ఒత్తిడే హద్దు. పీసీపీకి అలాంటి హద్దు లేదు, పెద్ద వేట జంతువుల కోసం విదేశాల్లో చేసేవి వందల జౌళ్ళు దాటతాయి. మన దేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం 20 జౌళ్ళు దాటినా, గొట్టం 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు మించినా లైసెన్సు కావాలి.

ఏది ఎలా పాడవుతుంది?

స్ప్రింగు రైఫిల్‌ను ఎక్కువగా పాడుచేసేది కుట్టుమిషన్ నూనె. బాగుండాలని గొట్టంలో నాలుగు చుక్కలు పోస్తే, పిస్టన్ నలిపిన వేడి గాలిలో ఆ నూనె డీజిల్ ఇంజన్‌లో లాగా భగ్గుమంటుంది. చప్పుడు పెద్దదవుతుంది, గొట్టం చివర పొగ, కాలిన వాసన వస్తాయి. కొట్టేవాడు బలం పెరిగిందని మురిసిపోతాడు, లోపల సీలు కాలిపోతుంటుంది. పెల్లెట్ లేకుండా కాల్చినా నష్టమే. ఆపడానికి గాలి మెత్త లేక పిస్టన్ నేరుగా గోడను గుద్దుకుంటుంది. వంచేటప్పుడు గరగరలాడితే స్ప్రింగు విరిగిందని అనుమానించాలి. ఆ రెండు జాగ్రత్తలూ పాటిస్తే ఇది ఏళ్ళ తరబడి నడుస్తుంది.

క్యాట్రిడ్జ్ రైఫిల్‌లో బలహీనం రబ్బరు సీలు. కొత్త క్యాట్రిడ్జ్ మూతి మీద తయారీదారు చెప్పిన నూనె ఒక చుక్క చాలు. రోజుల తరబడి లోపలే వదిలేస్తే సీలు ఉబ్బుతుంది, బుస్సుమని లీకు మొదలవుతుంది.

పీసీపీకి శత్రువు తేమ. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో చేతి పంపుతో నింపితే గాలితోపాటు నీరూ లోపలికి వెళ్ళి తుప్పు పట్టిస్తుంది. అందుకే పంపుకు తేమ పీల్చే గొట్టం బిగించి, మధ్యమధ్యలో ఆగి నీటిని వదలాలి. ఆక్సిజన్ సిలిండర్‌తో నింపడం, మామూలు నూనె పూయడం అంటే పేలుడును పిలుచుకోవడమే. రెగ్యులేటర్ పాడవుతోందని తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. తుపాకీని అరగంట పక్కన పెట్టి కాల్చి చూడాలి. మొదటి దెబ్బ మిగతావాటికన్నా పైన పడుతుంటే రెగ్యులేటర్ మెల్లగా గాలిని జార్చేస్తోందని అర్థం. పోటీ రైఫిళ్ళ సిలిండర్ల మీద తయారైన తేదీ ముద్రించి ఉంటుంది. సాధారణంగా పదేళ్ళు దాటితే, మెరుస్తూ కనిపించినా పక్కన పెట్టేస్తారు.

ఈసారి తిరునాళ్ళలో ఆ తుపాకీ చేతికొస్తే బిగించి పట్టకండి. అరచేతి మీద ఊరికే ఆనించి, కుదుపు ముగిసేదాకా కదలకుండా ఉండండి. మొదటి బుడగ తప్పినా, రెండో పెల్లెట్ ఆ పక్కనే పడితే చాలు. గురి ఎటు జరపాలో అప్పుడే తెలుస్తుంది.