‘కలిసేది వంశధారే!’ ఇంగ్లిష్‌లో ఎలా?

ఇంటర్వ్యూలో ఉన్నారనుకోండి. మీది కళింగపట్నం అని బయోడేటాలో చూసిన అధికారి, ‘అక్కడ సముద్రంలో కలిసేది నాగావళి కదా?’ అని ఇంగ్లిష్‌లో అడిగారు. నాగావళి శ్రీకాకుళం పట్టణం మీదుగా వెళ్తుంది. కళింగపట్నం దగ్గర కలిసేది వంశధార. సమాధానం తెలుసు, కానీ వాక్యం ఎలా కట్టాలి?

చాలామంది నోట వచ్చేది ఇది: ‘వంశధార ఓన్లీ జాయిన్స్ ది సీ ఎట్ కళింగపట్నం.’ తెలుగులోని ‘వంశధారే’ని ఉన్నదున్నట్టు దించిన వాక్యమిది. మన దగ్గర ‘ఏ’ చేసే పని ఇంగ్లిష్‌లో ‘ఓన్లీ’ చేయదు. వినేవాళ్లకు ‘వంశధార ఒక్కటే, ఇంకేదీ కాదు’ అనో, ‘కేవలం కలుస్తుంది’ అనో అనిపించొచ్చు.

వాక్యాన్ని రెండుగా చీల్చండి

ఇంగ్లిష్ ఇక్కడ వాక్యాన్నే మారుస్తుంది. ‘ది వంశధార జాయిన్స్ ది సీ ఎట్ కళింగపట్నం’ అనే మామూలు వాక్యాన్ని తీసుకుందాం. నొక్కి చెప్పాల్సిన ముక్కను ‘ఇట్ ఈజ్’ తర్వాత పెట్టాలి. మిగతాది ‘దట్’ తర్వాత రావాలి.

నది పేరు నొక్కాలంటే: ‘ఇట్ ఈజ్ ది వంశధార దట్ జాయిన్స్ ది సీ ఎట్ కళింగపట్నం.’

చోటు నొక్కాలంటే: ‘ఇట్ ఈజ్ ఎట్ కళింగపట్నం దట్ ది వంశధార జాయిన్స్ ది సీ.’

ఇలా చీల్చిన వాక్యాన్ని క్లెఫ్ట్ సెంటెన్స్ అంటారు. ఈ పేరు పెట్టింది డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్. నిజానికి ఇది మనకు కొత్తేమీ కాదు. ‘వంశధార కలుస్తుంది’ అనే మాటను ‘కలిసేది వంశధార’ అంటున్నామంటే మనమూ వాక్యాన్ని చీలుస్తున్నట్టే. కాబట్టి ఒక గుర్తు పెట్టుకోండి: తెలుగులో ‘కలిసేది’, ‘చదివింది’, ‘వచ్చింది నిన్న’ తరహా మాట వస్తే, ఇంగ్లిష్‌లో ‘ఇట్ ఈజ్... దట్’ సరిపోతుందేమో చూడండి.

పరీక్షల్లో దొరికిపోయేది రెండు చోట్ల. ఒకటి, ‘ఇట్ ఈజ్ ఎట్ కళింగపట్నం వేర్...’ అని రాయడం. ‘ఎట్’ ఉన్నాక ‘దట్’ పెట్టాలి. రెండోది క్రియ. ‘ఇట్ ఈజ్ ది ఫిషర్‌మెన్ హూ నో దిస్ కోస్ట్’ లో ‘ఇట్ ఈజ్’ మారదు, కానీ ‘హూ’ తర్వాతి క్రియ ఫిషర్‌మెన్‌ను బట్టి బహువచనమవుతుంది. ‘నోస్’ అంటే తప్పు.

ఎప్పుడు వాడకూడదు?

క్లెఫ్ట్ వాక్యంలో ‘దట్’ తర్వాతి భాగం వినేవాళ్లకు ముందే తెలిసిన విషయం అన్నట్టు ఉంటుంది. అధికారి నాగావళి గురించి అడిగారు కాబట్టి, అక్కడ ఏదో నది కలుస్తుందని ఆయనకు తెలుసు. సరిదిద్దాల్సింది పేరు ఒక్కటే. అందుకే అక్కడ క్లెఫ్ట్ నప్పింది. ‘మీ ఊరి గురించి చెప్పండి’ అన్నప్పుడు దానితోనే మొదలుపెడితే, ఎవరూ వేయని ప్రశ్నకు జవాబిచ్చినట్టుంటుంది.

కొత్త విషయానికి ‘దేర్’

ఊరి గురించి మొదలుపెట్టేటప్పుడు పనికొచ్చేది ‘దేర్ ఈజ్’. ‘కళింగపట్నంలో లైట్‌హౌస్ ఉంది’, ‘లైట్‌హౌస్ కళింగపట్నంలో ఉంది’. ఈ రెండూ ఒకటి కావు. మొదటిది లైట్‌హౌస్‌ను కొత్తగా పరిచయం చేస్తుంది. రెండోది ముందే మాట్లాడుకున్న లైట్‌హౌస్ ఎక్కడుందో చెబుతుంది. తెలుగు ఈ తేడాను మాటల వరుసతో చూపిస్తుంది. ఇంగ్లిష్‌లో మొదటిది ‘దేర్ ఈజ్ ఎ లైట్‌హౌస్ ఎట్ కళింగపట్నం’, రెండోది ‘ది లైట్‌హౌస్ ఈజ్ ఎట్ కళింగపట్నం’. కొత్తదాని ముందు ‘ఎ’, తెలిసినదాని ముందు ‘ది’ ఉన్నాయి, గమనించండి.

‘ఎ లైట్‌హౌస్ ఈజ్ దేర్’ అని ముగించడం మన అలవాటు. అలా కాకుండా ‘దేర్’ను ముందుకు తెండి. ఇక్కడ దానికి ‘అక్కడ’ అనే అర్థం లేదు, కర్త చోటు నింపుతుందంతే. అందుకే ‘దేర్ ఈజ్ ఎ లైట్‌హౌస్ దేర్’ అన్నా తప్పు కాదు. రెండో ‘దేర్’ మాత్రమే ‘అక్కడ’.

క్రియ తర్వాత వచ్చే నామవాచకాన్ని చూసి ‘ఈజ్’, ‘ఆర్’ పెట్టాలి. ‘దేర్ ఆర్ మెనీ బోట్స్.’ ఆపై ఇంకో క్రియ కలపాలంటే ‘దట్’ లేదా ‘హూ’ కావాలి. ‘దేర్ ఆర్ మెనీ పీపుల్ లివ్ బై ఫిషింగ్’ తప్పు, ‘హూ లివ్ బై ఫిషింగ్’ ఒప్పు.

ప్రయత్నించండి

1. మా ఊళ్లో బీచ్ ఉంది.
2. నేను డిగ్రీ చదివింది శ్రీకాకుళంలో (గుంటూరులో కాదు).

జవాబులు: 1. దేర్ ఈజ్ ఎ బీచ్ ఇన్ మై విలేజ్. 2. ఇట్ వాజ్ ఇన్ శ్రీకాకుళం దట్ ఐ డిడ్ మై డిగ్రీ.